నీళ్లు చేతికి చిక్కే చోటు

2020 ఆగస్టులో ఒక వీడియో ప్రపంచమంతా చక్కర్లు కొట్టింది. అమెరికా ఈతగత్తె కేటీ లెడెకీ తల మీద చాక్లెట్ పాల గ్లాసు పెట్టుకుని పూల్ ఈ చివరి నుంచి ఆ చివరికి ఫ్రీస్టైల్ ఈదింది. గ్లాసు పడలేదు, పాలు ఒలకలేదు. పాల కంపెనీల ప్రచారం కోసం తీసిన వీడియో అది. ఊపిరి కోసం తల తిప్పే పని లేకుండా నోట్లో గొట్టం పెట్టుకుంది కాబట్టి సగం కష్టం తగ్గిందనుకోవచ్చు. అయినా వీడియోను నెమ్మదిగా నడిపి చూస్తే అసలు విశేషం తెలుస్తుంది. తల రాయిలా నిలిచి ఉంది. మెడ కింద మాత్రం ఏదీ నిలిచి లేదు. ప్రతి బారకూ ఒక భుజం నీళ్లలోకి దిగుతోంది, రెండోది పైకి లేస్తోంది, నడుము దానితో పాటు తిరుగుతోంది. చేతుల తోపంతా నేరుగా ముందుకే పోతోంది కాబట్టి గ్లాసు పక్కలకు ఒరగడం లేదు.

లెడెకీ సామాన్యురాలు కాదు. 15 ఏళ్ల వయసులో 2012 లండన్ ఒలింపిక్స్‌లో 800 మీటర్ల స్వర్ణం గెలిచింది. నాలుగేళ్లకు రియోలో అదే పోటీని 8 నిమిషాల 4.79 సెకన్లలో ముగించింది. ఆమె గోడను తాకాక రెండో స్థానంలోని బ్రిటన్ అమ్మాయి జాజ్ కార్లిన్ వచ్చేసరికి 11 సెకన్లు దాటాయి. దూరంలో చెప్పాలంటే, ఒకరు గమ్యం చేరేసరికి రెండో వారికి ఇంకా 18 మీటర్లు మిగిలి ఉన్నట్టు. 2018 మే నెలలో 1500 మీటర్లను 15 నిమిషాల 20.48 సెకన్లలో ఈది ప్రపంచ రికార్డు పెట్టింది. సగటున సెకనుకు 1.63 మీటర్లు. అంటే సుమారు 31 సెకన్లకు 50 మీటర్ల చొప్పున, వరుసగా 30 సార్లు.

ఈ వేగం ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే చూసేవాళ్లు చాలామంది చేతుల వైపు చూపిస్తారు, కొందరు కాళ్లంటారు. కాళ్ల సంగతి తేల్చేద్దాం. దూరపు ఫ్రీస్టైల్‌లో ముందుకు నెట్టే బలంలో చేతుల వాటా 85 నుంచి 90 శాతమని ఈత మీద జరిగిన కొలతలు ఎక్కువగా చెబుతాయి. కాళ్లు ఒంటిని నిటారుగా, పైకి తేలుస్తూ ఉంచుతాయి. ఆ పని చిన్నది కాదు గానీ ఇంజన్ మాత్రం అవి కావు. ఇక చేతులన్న జవాబు సగమే నిజం. చెయ్యి నీటిని పట్టుకునేది మాత్రమే. లాగేది వీపు. ఆ వీపుకు లాగడానికి చోటిచ్చేది మొండెం తిరగడం. మూడింటిలో ఏది తప్పినా మిగతా రెండూ వృథా అవుతాయి. వాటిలో అందరికంటే ముందుగా తప్పేది, బయటి నుంచి చూసేవాళ్లకు కనిపించనిది మొదటిదే. దాన్ని కోచ్‌లు క్యాచ్ అంటారు.

నీరు గాలికంటే దాదాపు 800 రెట్లు చిక్కన. అందుకే ఈదేవాళ్లు ఒకేసారి రెండు పనులు చేయాలి. ఒళ్లు ఆ చిక్కదనాన్ని వీలైనంత తక్కువగా ఒరుసుకుంటూ పోవాలి. చెయ్యి మాత్రం దాన్ని వీలైనంత గట్టిగా పట్టుకోవాలి. వేగం రెట్టింపయితే నీటి అడ్డు సుమారు నాలుగు రెట్లు అవుతుంది. అందుకే నీళ్లలో కండబలం పెంచుకున్నంత మాత్రాన వేగం దానంతట అది పెరగదు. జిమ్‌లో ఛాతీ, కండలు పెంచిన కుర్రాడు పూల్‌లో రెండు పొడవులకే ఆయాసపడి గోడ పట్టుకుంటే, పక్క లైన్లో సన్నగా ఉన్న పదమూడేళ్ల పిల్ల ఆగకుండా పోతూ ఉండడం ఏ కోచింగ్ క్యాంపులోనైనా కనిపించే దృశ్యమే.

ఒక బారను మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. కుడి చెయ్యి తల ముందు, కుడి భుజానికి ఎదురుగా, వేళ్లు ముందుగా నీళ్లలోకి దిగుతుంది. అరచేతి పొడవంత లోతున ముందుకు సాగుతుంది. ఈ సమయంలో మొండెం కుడివైపు ఒరిగి ఉంటుంది, అంటే కుడి భుజం కింద, ఎడమ భుజం నీటి పైన. చెయ్యి పూర్తిగా చాచాక మణికట్టు కొద్దిగా వంగి వేళ్లు అడుగు వైపు చూస్తాయి. వెంటనే మోచెయ్యి వంగుతుంది. పై చెయ్యి దాదాపు ఉన్నచోటే ఉంటుంది, మోచేతి నుంచి కింది భాగం మాత్రం దిగి అరచెయ్యి, ముంజెయ్యి కలిసి వెనక్కి చూసే ఒక పలకగా మారతాయి. క్యాచ్ అంటే ఇదే. సెకనులో చిన్న ముక్క. ఇందులో బలం పెట్టి లాగే పని ఇంకా మొదలే కాలేదు. పలక కుదిరాకే లాగుడు మొదలవుతుంది. చెయ్యి భుజం కిందకు వచ్చేసరికి మోచెయ్యి సుమారు లంబకోణంలో వంగి ఉంటుంది. తర్వాత చెయ్యి తొడ వైపు సాగి నీళ్లలోంచి బయటకు వస్తుంది. ఈలోగా మొండెం ఎడమవైపు తిరిగిపోయి ఉంటుంది.

గోదావరిలో గడ వేసే పడవవాడిని గుర్తు తెచ్చుకుంటే ఈ పని సులువుగా అర్థమవుతుంది. గడను ఇసుకలో నాటి దాని మీద బరువు వేస్తాడు. గడ కదలదు, పడవ గడను దాటుకుంటూ ముందుకు పోతుంది. గడ నాటుకోకముందే బరువు వేస్తే అది జారిపోతుంది, పడవ ఉన్నచోటే ఊగుతుంది. ఈతలోనూ అంతే. మంచి ఈతగాళ్లను పక్క నుంచి, నీటి లోపలి కెమెరాతో తీసిన దృశ్యాలు చూస్తే, చెయ్యి దిగిన చోటుకూ పైకి తేలిన చోటుకూ పెద్ద తేడా ఉండదు. చెయ్యి వెనక్కి పోవడం కాదు, ఒళ్లే చేతిని దాటుకుని ముందుకు పోతుంది. నీరు ఇసుకలాంటిది కాదు కాబట్టి చెయ్యి కొంత జారక తప్పదు. ఆ జారుడు ఎంత తగ్గితే ఈత అంత బాగున్నట్టు.

కొత్తగా నేర్చుకునేవాళ్లలో ఎక్కువమందికి ఈ గడ నాటుకోదు. చెయ్యి చాచగానే ఆత్రంగా నీటిని కిందికి నొక్కుతారు. మోచెయ్యి ముందు కిందికి జారి, ముంజెయ్యి దాని వెనక వస్తుంది. కిందికి నొక్కితే నీరు పైకి నెడుతుంది. అంటే తల, ఛాతీ పైకి లేస్తాయి, నడుము, కాళ్లు కిందికి దిగుతాయి. దిగిన కాళ్లు నీటికి అడ్డుపడతాయి. చెయ్యి భుజం కిందకు వచ్చేసరికి సగం బార అయిపోయింది, ఇంకా ఒక్క అంగుళం కూడా ముందుకు నెట్టలేదు. మిగిలిన సగంలో అరచెయ్యి మాత్రమే పని చేస్తుంది. ముంజెయ్యి పలకలో చేరకపోతే నీటిని పట్టే వైశాల్యం దాదాపు సగానికి పడిపోతుంది.

దీని ఖరీదు ఎంతో ఒక లెక్క వేద్దాం. 25 మీటర్ల పూల్‌లో గోడను తన్నుకుని 5 మీటర్లు జారాక మిగిలిన 20 మీటర్లను ఒకాయన 26 బారల్లో ఈదుతున్నాడనుకుందాం. ఒక్కో బారకు 77 సెంటీమీటర్లు. క్యాచ్ సరిచేసుకుని 21 బారలకు దింపితే ఒక్కో బారకు 95 సెంటీమీటర్లు. 1000 మీటర్లు ఈదితే 40 పొడవులు, 200 బారలు మిగిలాయి. ఆ 200 సార్లు భుజం తిరగాల్సిన పని లేదు. అయితే బారల లెక్క ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోకూడదు. బార బారకూ మధ్య చెయ్యి చాచి జారుతూ పోతే లెక్క తగ్గుతుంది గానీ ప్రతిసారీ వేగం పడిపోయి, మళ్లీ కూడదీసుకోవాల్సి వస్తుంది. గడియారం కూడా చూడాలి. బారలు తగ్గి, సమయం పెరగకుండా ఉంటేనే క్యాచ్ బాగుపడినట్టు.

ఇప్పుడు వీపు సంగతి. జిమ్‌కు వెళ్లేవాళ్లంతా ల్యాట్స్ అనే మాట వింటూనే ఉంటారు. పూర్తి పేరు లాటిసిమస్ డోర్సై. వీపు మీద అన్నింటికంటే వెడల్పాటి కండరం. వెన్నెముక కింది సగం నుంచి, తుంటి ఎముక అంచు నుంచి, చివరి పక్కటెముకల నుంచి విశాలంగా మొదలై, పైకి పోయేకొద్దీ సన్నబడి, చంక కిందుగా వచ్చి, భుజపుటెముక పైభాగానికి ముందువైపు అంటుకుంటుంది. కుడి చంక వెనక గోడను ఎడమ చేతి వేళ్లతో పట్టుకుని, కుడి అరచేతితో బల్లను గట్టిగా కిందికి నొక్కి చూడండి. వేళ్ల మధ్య బిగుసుకునే దళసరి మడతలో ప్రధానమైనది ఆ కండరమే.

ఈ అమరికలోనే కథ ఉంది. పైకెత్తిన చేతిని కిందికి, వెనక్కి లాగడం దీని ప్రధానమైన పని. ఫ్రీస్టైల్‌లో లాగుడు అంటే అచ్చంగా ఇదే కదలిక, కాకపోతే మనిషి నిలబడకుండా బోర్లా పడుకుని ఉంటాడు. మోచేతిని వంచే కండ ఒక గుప్పెడంత ఉంటుంది. అది గంటసేపు ఈ పని మోయలేదు. వీపు కండరం దానికంటే పెద్దది, అలసటకు తేలిగ్గా లొంగదు. పైగా దీని ఒక కొస చేతికి, రెండో కొస తుంటికి అంటుకుని ఉంది. చేతికీ తుంటికీ మధ్య ఇంత నేరుగా నడిచే కండరం ఒంట్లో మరొకటి లేదు. నడుము తిరగడం, చెయ్యి లాగడం వేరు వేరు పనులు కాకపోవడానికి ఒక కారణం ఇది.

ల్యాట్స్ ఒక్కటే అంతా చేస్తుందని అనుకుంటే అదీ తప్పే. 1990ల మొదట్లో అమెరికా పరిశోధకులు ఈదేవాళ్ల భుజం కండరాల్లోకి సన్నని తీగలు పంపి, ఏది ఎప్పుడు పని చేస్తోందో విద్యుత్ సంకేతాల ద్వారా చూశారు. ముందుకు నెట్టే పని ప్రధానంగా రెండు పెద్ద కండరాలదని తేలింది. లాగుడు మొదటి భాగంలో ఛాతీ కండరం గట్టిగా బిగుస్తుంది, చెయ్యి భుజాన్ని దాటి వెనక్కి పోయేటప్పుడు ల్యాట్స్‌ది పైచెయ్యి అవుతుంది. భుజం బిళ్లను పక్కటెముకల మీద ఆనించి పట్టే సెర్రేటస్ అనే కండరం మాత్రం బార మొత్తం విశ్రాంతి లేకుండా పని చేస్తూనే ఉంటుందని కూడా వాళ్లు గమనించారు. ఈ చివరి విషయం భుజం నొప్పుల దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

మోచెయ్యి జారితే ల్యాట్స్‌కు ఏమవుతుంది? అది లాగుతూనే ఉంటుంది. కానీ దాని రెండో కొసన ఉన్న చేతిలో నీళ్లుండవు. పట్టు లేని చేతిని ఎంత పెద్ద కండరం లాగినా ఉపయోగం లేదు. జిమ్ కుర్రాడి ఆయాసానికి అసలు కారణం ఇదే. అతనికి బలం తక్కువై కాదు, ఆ బలం నీటికి అందడం లేదు.

క్యాచ్ గురించి కోచ్‌ల అభిప్రాయం ఎప్పుడూ ఇలాగే ఉండేది కాదు. ఇండియానా విశ్వవిద్యాలయం కోచ్ జేమ్స్ కౌన్సిల్‌మన్ ఈ రంగంలో పెద్దాయన. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఏడు స్వర్ణాలు గెలిచిన మార్క్ స్పిట్జ్ ఆయన శిష్యుడు. కౌన్సిల్‌మన్ చీకటి పూల్‌లో ఈతగాళ్ల చేతులకు చిన్న దీపాలు కట్టి ఫొటోలు తీశాడు. చెయ్యి నేరుగా వెనక్కి రావడం లేదని, వంపులు తిరుగుతోందని వాటిలో కనిపించింది. విమానం రెక్కను గాలి పైకి లేపినట్టే చేతిని నీరు ముందుకు లాగుతోందని ఆయన తేల్చాడు. దాంతో ఒక తరం పిల్లలకు చేతిని ఎస్ ఆకారంలో తిప్పమని నేర్పారు. వాటిలో చాలా వంపులు మొండెం తిరగడం వల్ల దానంతట అవే వస్తాయని, కావాలని చెయ్యి ఊపితే నష్టమేనని తర్వాత తెలిసింది. 2012లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రజత్ మిట్టల్ బృందం మేటి ఈతగాళ్ల బార తీరులను కంప్యూటర్‌లో పోల్చి చూసింది. పక్కలకు ఊపే పద్ధతి కంటే లోతుగా దించి వెనక్కి నెట్టే పద్ధతికే ఎక్కువ తోపు వస్తోందని వాళ్ల లెక్క. కౌన్సిల్‌మన్ సిద్ధాంతం నిలవలేదు గానీ నీటి లోపలికి కెమెరా దించి చూడమన్న ఆయన పట్టుదల నిలిచింది. అన్నట్టు, ఆయన 1979లో 58 ఏళ్ల వయసులో ఇంగ్లిష్ చానెల్ ఈదాడు. చెప్పడమే కాదు, చేసి చూపించగల మనిషి.

ఇక మొండెం తిరగడం. బోర్లా పడుకుని, రెండు భుజాలూ నీటికి సమంగా ఉంచి, ఒక చేతిని తల ముందుకు చాచి కిందికి వంచి చూడండి. భుజం ముందు భాగంలో ఏదో ఇరుక్కున్నట్టు ఉంటుంది. ఇప్పుడు ఆ భుజాన్ని కొంచెం కిందికి దించి, ఒళ్లు ఆ పక్కకు ఒరగనిచ్చి అదే పని చేస్తే చెయ్యి ఇంకాస్త ముందుకు పోతుంది, మోచెయ్యి తేలిగ్గా వంగుతుంది, చంక వెనక కండరం సాగి లాగుడుకు సిద్ధంగా ఉంటుంది. రెండో పక్క భుజం నీటి పైకి లేస్తుంది కాబట్టి ఆ చెయ్యి నీటిని రాసుకోకుండా ముందుకు వస్తుంది. తల కొద్దిగా పక్కకు తిప్పితే నోటికి గాలి అందుతుంది. క్యాచ్ కుదరడానికి తిరగడం అవసరం అనేది ఇందుకే.

ఎంత తిరగాలి? మేటి ఈతగాళ్లలో భుజాలు ఒక్కో పక్కకు సుమారు 50 నుంచి 60 డిగ్రీలు ఒరుగుతాయి. తుంటి అంతకంటే తక్కువ తిరుగుతుంది. చాలామంది కోచ్‌లు బలం తుంటి నుంచే పుడుతుందని, క్రికెట్ బంతి విసిరినట్టు నడుము విసరమని చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ, అందులో ఒక చిక్కుంది. బంతి విసిరేవాడి కాళ్ల కింద నేలుంటుంది. ఈదేవాడి కింద నేల లేదు. తోషిమాసా యనాయ్ అనే పరిశోధకుడు 2004లో ప్రచురించిన పనిలో, ఒంటిని అటూ ఇటూ తిప్పే బలం ప్రధానంగా నీటి తేలుడు నుంచే వస్తోందని చూపించాడు. ఒక చెయ్యి నీటి పైన, మరో చెయ్యి లోపల ఉన్నప్పుడు నీరు ఒంటిని ఒక పక్కనే ఎక్కువగా పైకి నెడుతుంది. దానితో ఒళ్లు దొర్లుతుంది. అంటే నడుమును కావాలని గట్టిగా విసరాల్సిన పని తక్కువ. సరైన సమయంలో చెయ్యి దించితే తిరుగుడులో పెద్ద భాగం నీరే ఇస్తుంది.

మరి పొట్ట, నడుము కండరాలు చేసే పనేమిటి? ఒంటిని ఒకే ముక్కగా ఉంచడం. భుజాలు ఒక పక్కకు తిరుగుతుంటే తుంటి వాటి వెనకే రావాలి. మధ్యలో పొట్ట వదులైతే భుజాలు ఒకటి చేస్తాయి, కాళ్లు మరొకటి చేస్తాయి. నడుము దగ్గర ఒళ్లు పక్కకు విరిగి పాములా మెలికలు తిరుగుతుంది, చెయ్యి పట్టుకున్న నీటి బలం ఆ మెలికలో పోతుంది. లెడెకీ తల మీద గ్లాసు నిలిచిందంటే, భుజాలు అంత తిరుగుతున్నా ఆ తిరుగుడు వెన్నెముక చుట్టూనే జరుగుతోందని, పక్కలకు పోవడం లేదని అర్థం.

లెడెకీ ఈత పుస్తకంలో బొమ్మలా రెండు పక్కలా సమానంగా ఉండదు. ఆమెది గెంటు నడక. కుడివైపు ఊపిరి తీసుకునేటప్పుడు ఎడమ చెయ్యి ముందు కాసేపు చాచి ఉంటుంది, ఒళ్లు ఆ పక్క మీద జారుతుంది, తర్వాత కుడి చెయ్యి టకీమని వచ్చి పడుతుంది. మైకెల్ ఫెల్ప్స్ వంటి మగ ఈతగాళ్లలో ఎక్కువగా కనిపించిన తీరు ఇది. చూసేవాళ్లకు కుంటినట్టు అనిపించినా, అందులో ఒక లెక్కుంది. ఊపిరి తీసే క్షణమే క్యాచ్‌కు అతి ప్రమాదకరమైన క్షణం. తల తిరగగానే చాలామందికి తెలియకుండానే ముందున్న చెయ్యి నీటిని నొక్కి ఆసరా తీసుకుంటుంది, మోచెయ్యి జారుతుంది. లెడెకీ ఎడమ చెయ్యి అక్కడ నొక్కదు, ఆగుతుంది. ఊపిరి అందాక, ఒళ్లు తిరగడం మొదలయ్యే సమయానికే పట్టు పడుతుంది. ఇలా ఈదాలంటే తుంటి గట్టిగా ఉండాలి, నడుము అదుపులో ఉండాలి. లేకపోతే ఆ ఆగిన క్షణంలో కాళ్లు మునుగుతాయి. అందరూ ఆమెను అనుకరించాల్సిన పని లేదు. 50 మీటర్ల పరుగులో ఇలా ఆగితే పోటీ అక్కడే పోతుంది. అక్కడ చెయ్యి దాదాపు నిటారుగా వేగంగా పడుతుంది, ఒళ్లు తక్కువగా తిరుగుతుంది.

బావుల్లో, కాలవల్లో ఈత నేర్చుకున్న తెలుగువాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. నడుముకు సొరకాయ బుర్ర కట్టుకునో, పెద్దవాళ్ల చెయ్యి ఆసరాతోనో నేర్చుకున్న ఈతలో తల ఎప్పుడూ నీటి పైనే ఉంటుంది. బావి గట్టు చూడాలి, ఎదురొచ్చేవాడిని చూడాలి, మురికి నీళ్లు నోట్లోకి పోకూడదు. ప్రాణం కాపాడే ఈతగా అది గొప్పదే. కానీ పూల్‌లో తల ఎత్తి బారలు వేస్తే తుంటి కిందికి దిగుతుంది, ఒళ్లు పక్కలకు తిరగదు, చేతులు ఒంటిని తేల్చడానికే నీటిని కిందికి నొక్కాల్సి వస్తుంది. పాతికేళ్ల అలవాటున్న ఈతగాడికి క్యాచ్ నేర్పడం, అసలు ఈత రానివాడికి నేర్పడం కంటే కష్టమని కోచ్‌లు అనడానికి కారణం ఇదే. అలాంటివాళ్లు చేతుల జోలికి పోకుండా ముందు ముఖం నీళ్లలో పెట్టి, కళ్లు పూల్ అడుగున ఉన్న గీత మీద పెట్టి ఈదడం అలవాటు చేసుకుంటే, సగం పని చేతుల ప్రమేయం లేకుండానే అయిపోతుంది.

మోచెయ్యి జారుతోందో లేదో నీళ్లలో ఉన్న మనిషికి తెలియదు. ఎత్తుగా ఉందనే అనిపిస్తుంది. తెలుసుకోవడానికి కోచ్‌లు వాడే పాత ఉపాయం పిడికిలి ఈత. ఒక పొడవు మామూలుగా ఈది బారలు లెక్కపెట్టాలి. తర్వాత రెండు పిడికిళ్లు బిగించి మరో పొడవు ఈదాలి. అరచెయ్యి లేదు కాబట్టి బారలు పెరగడం సహజమే. కొద్దిగా పెరిగితే ముంజెయ్యి పని చేస్తున్నట్టు. చెయ్యి నీళ్లలో జారిపోతూ, ముందుకు కదలడమే గగనమైతే ముంజెయ్యి ఇన్నాళ్లూ ఊరికే ఉందని అర్థం. నాలుగైదు పొడవులు అలా ఈది, పిడికిలి విప్పగానే నీరు ఒక్కసారిగా బరువెక్కినట్టు తెలుస్తుంది. ఆ బరువు చేతికి తెలియడమే క్యాచ్ నేర్చుకోవడం. మరో గుర్తు అలసట. అరగంట ఈత తర్వాత చంకల వెనక, వీపు పక్కల అలసటగా ఉంటే మంచిదే. భుజం ముందు భాగం, ముంజేతులు లాగుతుంటే చేతులు వీపు పని మోస్తున్నట్టు.

తప్పు రెండో వైపూ జరుగుతుంది. మోచెయ్యి ఎత్తుగా ఉండాలన్న మాట విని, దాన్ని నీటి ఉపరితలానికి అంటించి ముంజేతిని బలవంతంగా మెలిపెట్టేవాళ్లున్నారు. ఇయన్ థార్ప్ అలా ఈదగలిగాడు, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 400 మీటర్లను 3 నిమిషాల 40.59 సెకన్లలో ముగించాడు. చిన్నప్పటి నుంచి రోజుకు కిలోమీటర్ల కొద్దీ ఈదిన భుజం అది. నలభై ఏళ్లు కంప్యూటర్ ముందు వంగి కూర్చున్న భుజానికి ఆ మలుపు రాదు. వాళ్లకు మోచెయ్యి అరచేతి కంటే పైన ఉంటే చాలు, మోచెయ్యి కొంచెం లోతుగా దిగినా నష్టం లేదు. అలాగే చెయ్యి తల ముందు నడిమి గీతను దాటి అవతలి పక్క పడితే, దాన్ని సరిదిద్దుకోవడానికి కాళ్లు కత్తెరలా విడిపోతాయి. ఒళ్లు పూర్తిగా పక్కకు, 90 డిగ్రీలకు తిరిగినా అదే జరుగుతుంది.

ఈదేవాళ్ల భుజం నొప్పికి 1974లో వైద్యులు కెనడీ, హాకిన్స్ స్విమ్మర్స్ షోల్డర్ అని పేరు పెట్టారు. చెయ్యి పైకి, ముందుకు చాచి లోపలికి మెలితిరిగే సమయంలో భుజం స్నాయువులు ఎముకల మధ్య నలగడం దీనికి ఒక ప్రధాన కారణం. ఒళ్లు తిరగకుండా చదునుగా ఈదేవాళ్లకూ, చెయ్యి నడిమి గీత దాటేవాళ్లకూ ఇది త్వరగా వస్తుంది. విరామం లేకుండా పని చేసే సెర్రేటస్ అలసిపోతే భుజం బిళ్ల సరైన చోట నిలవదు, నలుగుడు ఇంకా పెరుగుతుంది. క్యాచ్ ఇంకా కుదరనివాళ్లు చేతికి ప్లాస్టిక్ ప్యాడిల్స్ తగిలించుకుని బలం పెంచుకుందామనుకుంటే, తప్పు కదలిక మీదే బరువు పెంచుతున్నట్టు. భుజం ముందు భాగంలో నొప్పి మొదలై మర్నాటికి కూడా తగ్గకపోతే ప్యాడిల్స్ పక్కన పెట్టండి, దూరం సగానికి తగ్గించండి, ఎవరి చేతనైనా పూల్ చివరి నుంచి ఫోన్‌లో ఎదురుగా వీడియో తీయించి చెయ్యి ఎక్కడ పడుతోందో చూసుకోండి. వారం దాటినా నొప్పి ఉంటే ఫిజియోథెరపిస్టును కలవండి.